పందిరి గుంజ పాతకముందే: అపార్ట్‌మెంటులో పండుగ నియమాలు ఎలా రాసుకోవాలి, ఎలా చెప్పాలి

విశాఖపట్నం మధురవాడలో మేముండే అపార్ట్‌మెంటులో 48 ఫ్లాట్లు. కింద సెల్లారు పార్కింగ్, పైన ఐదు అంతస్తులు. అక్కడి నివాసుల సంఘానికి రెండేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. మొదటి ఏడాది వినాయక చవితికి నేను అంటించిన నోటీసులో మూడే వాక్యాలు: "అతిగా శబ్దం చేయరాదు. పరిసరాలు శుభ్రంగా ఉంచవలెను. ఇతరులకు ఇబ్బంది కలిగించరాదు." మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు రెండో అంతస్తు నుంచి ఒకాయన దిగివచ్చి పాటలు ఆపమన్నారు. పది దాకా సమయం ఉందని ఉత్సవ కమిటీవారు అన్నారు. ఇద్దరూ వేలు పెట్టి చూపించింది నా నోటీసునే. ఒకరి లెక్కలో అది అతి, మరొకరి లెక్కలో కాదు. ఆ ఇద్దరూ మంచివారే. కొలత చెప్పని నియమం వారి మధ్య తగవు పెట్టింది.

రెండో ఏడాది ఆ నోటీసును పక్కనపెట్టి మొదటి నుంచి రాసుకున్నాం. మీ అపార్ట్‌మెంటులోనో కాలనీలోనో ఈ పని మీ చేతికి వస్తే ఇలా చేయండి. పండుగకు ఐదు వారాల ముందు మొదలుపెడితే తొందర లేకుండా అయిపోతుంది.

మొదట అడగండి, తర్వాత రాయండి

నియమాలు రాసే సమావేశానికి వచ్చేది ఎక్కువగా పండుగ చేసేవారే. శబ్దం భరించేవారు, కారు తీసి బయట పెట్టుకునేవారు, మర్నాడు ఊడ్చేవారు ఆ గదిలో ఉండరు. అందుకని సమావేశానికి ముందే ఇంటింటికీ ఒక చిన్న కాగితం ఇవ్వండి. అద్దెకున్నవారికీ ఇవ్వాలి. సర్వసభ్య సమావేశంలో ఓటు సాధారణంగా యజమానులకే ఉంటుంది, కానీ కింద మోగే మైకు ఓటు చూసి వినిపించదు కదా.

కాగితంలో నాలుగు ప్రశ్నలు చాలు. మీ ఇంట్లో పగలు పడుకోవలసినవారు ఉన్నారా? పసిపిల్లలు, కోలుకుంటున్న రోగులు, పరీక్షలకు చదివేవారు ఉన్నారా? కిందటి పండుగలో మీకు అన్నిటికన్నా కష్టమనిపించినది ఏది? అన్నిటికన్నా నచ్చినది ఏది? చివరి ప్రశ్నను వదిలేయకండి. అది లేకపోతే కాగితం ఫిర్యాదుల పుస్తకమవుతుంది, పండుగ చేసేవారి మనసు నొచ్చుకుంటుంది.

మాకు 31 ఇళ్ల నుంచి జవాబులు వచ్చాయి. రాత్రి పాటలే పెద్ద సమస్య అనుకుంటూ ఉన్నాను, కానీ అది మూడో స్థానంలో ఉంది. మొదటిది ఉదయం ఆరింటి నుంచి మైకులో వేసే భక్తిగీతాలు. విశాఖలో ఉక్కు కర్మాగారం, ఓడరేవు, రిఫైనరీ, ఆసుపత్రులు రాత్రీ పగలూ నడుస్తాయి. మా భవనంలోనే నాలుగు ఇళ్లలో రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఏడింటికి ఇల్లు చేరేవారున్నారు. వారికి ఉదయమే రాత్రి. రెండో సమస్య పార్కింగ్. పందిరి కోసం ప్రతి ఏడాదీ అవే నాలుగు స్థలాలు తీసుకుంటున్నాం. వాటిలో మూడు అద్దెదారులవి, వారిని ఎవరూ ముందు అడగలేదు. ఈ రెండు సంగతులూ కాగితం లేకపోతే నాకు తెలిసేవి కావు.

చట్టం గీసిన గీత ఎక్కడుందో తెలుసుకోండి

సంఘం తన నియమాన్ని చట్టం కన్నా కఠినంగా రాసుకోవచ్చు, సడలించలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరే కాదు, డప్పులు, వాద్యాలు కూడా బహిరంగ స్థలంలో వాడకూడదు. మిగతా సమయంలోనూ మైకు పెట్టాలంటే పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మూసి ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు వంటివాటికి రాత్రి నిషేధం నుంచి మినహాయింపు ఉంది. "మన సెల్లారు మూసి ఉన్న స్థలమే కదా" అని మా దగ్గర ఒకరు వాదించారు. నాలుగు వైపులా తెరిచి ఉన్న స్తంభాల పార్కింగ్ మూసిన గది కాదు. పండుగలకు రాత్రి 12 దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఆ అధికారం సంఘానికి లేదు కాబట్టి "అందరూ ఒప్పుకున్నారు, పదకొండు దాకా వేసుకుందాం" అని తీర్మానం చేయడం చెల్లదు.

నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. ప్రైవేటు స్థలంలో సౌండ్ సెట్టు పెడితే ప్రహరీ దగ్గర ఈ పరిమితి కన్నా 5 డెసిబెళ్లకు మించి పెరగకూడదు, అంటే పగలు 60. ఇద్దరు మనుషులు మీటరు దూరంలో మామూలుగా మాట్లాడుకుంటే వచ్చే శబ్దం దాదాపు అంతే ఉంటుంది. ఈ పోలిక సమావేశంలో చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఆసుపత్రి, బడి, న్యాయస్థానం చుట్టూ ప్రకటించిన నిశ్శబ్ద మండలంలో మీ భవనం ఉంటే పరిమితి ఇంకా తక్కువ.

శబ్దానికి కొలత గడియారంతోనూ గుర్తుతోనూ పెట్టండి

డెసిబెల్ సంఖ్యను నియమంగా రాయాలని మొదట అనుకుని మానుకున్నాం. ఫోనులోని కొలత యాప్‌లు ఒక్కో ఫోనులో ఒక్కోలా చూపిస్తాయి. పైగా అవి సాధారణంగా చూపే కొలమానం మనిషి చెవి స్వభావాన్ని అనుసరించి లోతైన స్వరాన్ని తగ్గించి లెక్కిస్తుంది. డప్పు మోతలోని, బేస్ బాక్సులోని ఆ లోతైన శబ్దమే కాంక్రీటు స్తంభాల గుండా పైకి పాకి మొదటి అంతస్తు పడకగదిలో గుండెల మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఫోను తక్కువ చూపిస్తూనే ఉంటుంది, పైనున్నవారికి నిద్ర పట్టదు.

దాని బదులు ఇలా చేయండి. మైకు సెట్టు వచ్చిన సాయంత్రమే, మొదటి పూజకు ముందు, ముగ్గురు పరీక్షించండి. ఒకరు ఆంప్లిఫయర్ దగ్గర, ఒకరు పందిరికి సరిగ్గా పైనున్న మొదటి అంతస్తు పడకగదిలో కిటికీలు మూసుకుని, ఒకరు ప్రహరీ దగ్గర. ప్రహరీ దగ్గరున్నవారు పక్కమనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. పడకగదిలో ఉన్నవారికి పాటలోని మాటలు విడివిడిగా అర్థం కాకూడదు, మంచం చెక్క మీద చెయ్యి పెడితే అదురు తెలియకూడదు. ఆ స్థాయి కుదిరినచోట వాల్యూమ్ మీట పక్కన రంగు టేపు ముక్క అంటించి, సౌండ్ సెట్టు తెచ్చిన అబ్బాయికి చూపించండి. "టేపు గీత దాటకూడదు" అన్న నియమాన్ని పన్నెండేళ్ల పిల్లవాడు కూడా చూసి పాటించారో లేదో చెప్పగలడు. నియమానికి అదే అసలు పరీక్ష.

బాక్సులు ఎక్కడ పెడతారన్నది కూడా అంతే ముఖ్యం. ఒకే పెద్ద బాక్సును మోత వచ్చేలా పెట్టే కన్నా రెండు చిన్నవాటిని జనం కూర్చునే చోటికి దగ్గరగా, చెవి ఎత్తులో, జనం వైపే తిప్పి పెడితే తక్కువ శబ్దంతో పని జరుగుతుంది. గచ్చు మీద నేరుగా పెట్టకుండా కింద మందపాటి రబ్బరు పట్టా వేయించండి. బేస్ బాక్సు వద్దని టెంటుహౌస్‌కు బయానా ఇచ్చేటప్పుడే చెప్పాలి. వచ్చాక వెనక్కి పంపడం ఎవరివల్లా కాదు.

సమయాలు మేము ఇలా పెట్టుకున్నాం. ఉదయం పూజ మైకు లేకుండా. మైకు సాయంత్రం 6:30 నుంచి 9 వరకు. నిమజ్జనం రోజు మాత్రం 9:30 వరకు. భజనకు మైకు అక్కర్లేదని పెద్దలే అన్నారు. నలభైమంది చేరి పాడితే సెల్లారు నిండుతుంది.

పండుగ పేరు మార్చి చదవండి

ముసాయిదా రాశాక ప్రతి వాక్యంలో "వినాయక చవితి" ఉన్నచోట "క్రిస్మస్" అనీ, "ఇఫ్తార్" అనీ, "దుర్గాపూజ" అనీ పెట్టి చదివి చూడండి. ఎక్కడైనా నోరు తడబడితే ఆ నియమంలో పక్షపాతం ఉన్నట్టే. మా ముసాయిదాలో చవితికి రాత్రి 9 గంటల దాకా, "ఇతర కార్యక్రమాలకు" 8 గంటల దాకా అని ఉంది. రాసినవారికి దురుద్దేశం లేదు, తమ పండుగే కళ్లముందు ఉండి అలా రాశారు. మా భవనంలో డిసెంబరులో కేరోల్స్ పాడే కుటుంబాలు నాలుగున్నాయి, నౌకాదళంలో పనిచేసే బెంగాలీ కుటుంబం ఒకటుంది. పండుగల పేర్లన్నీ తీసేసి "ఉమ్మడి స్థలంలో జరిగే ఏ ఉత్సవమైనా" అని రాశాక ఎవరికీ అభ్యంతరం మిగల్లేదు. దీపావళి టపాసులకు మాత్రం విడిగా ఒక వాక్యం పెట్టాం. 2018లో సుప్రీంకోర్టు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చుకోవాలని చెప్పింది, అదే రాసుకున్నాం.

ఉమ్మడి స్థలంలో ఎవరు ఏం వదులుకుంటారు?

సెల్లారు, మెట్లు, మేడ, లోపలి దారి అందరి ఉమ్మడి ఆస్తి. ఏ ఉత్సవమైనా అందులో కొంత భాగాన్ని కొన్నాళ్లు అరువు తీసుకుంటుంది. కనుక నియమం రెండే ప్రశ్నలకు జవాబివ్వాలి: ఎంత స్థలం, ఎవరి వంతు.

ఎంత అన్నదానికి సుద్దముక్కతో గీత గీయండి. పందిరి వేసే ముందు రోజు అపార్ట్‌మెంటులోని పెద్ద కారును గేటు నుంచి లిఫ్టు దాకా నడిపి, వెనక్కి తిప్పి చూడండి. రెండు వైపులా తలుపులు పూర్తిగా తెరుచుకోవాలి. అంబులెన్సుకు అంతకన్నా ఎక్కువ చోటు కావాలి కనుక ఇంకో రెండు మూడు అడుగులు వదిలి గీత గీయండి. పందిరి, కుర్చీలు, చెప్పులు అన్నీ ఆ గీత లోపలే. మెట్ల దారిలో, విద్యుత్ మీటర్ల గది ముందు, మంటలార్పే పరికరాల ముందు ఏదీ పెట్టకూడదు. చవితి రోజుల్లో మన దగ్గర జల్లు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. సీరియల్ బల్బుల వైర్ల అతుకులు నేల మీద కాకుండా తలకన్నా ఎత్తున ఉండాలన్న వాక్యాన్ని తప్పక చేర్చండి.

ఎవరి వంతు అన్నది మేము చీటీలతో తేల్చుకున్నాం. పందిరికి నాలుగు కార్ల స్థలం కావాలి. పందిరి ఎక్కడున్నా ఆ నాలుగు కార్లూ ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కనుక స్థలం వదులుకునే కారు పందిరి కింద కారే కానక్కర్లేదు. ఉత్సవ కమిటీలో ఉన్నవారు ముందుగా తమ స్థలాలు రెండు ఇచ్చారు. మిగతా రెండింటికి అందరి పేర్లతో చీటీ తీశాం. నడవడం కష్టమైన పెద్దలున్న ఇళ్లను, రాత్రి షిఫ్టువారిని ముందే మినహాయించాం. పేరు వచ్చినవారికి ఆ ఐదు రోజులూ అతిథుల పార్కింగ్ ఇచ్చాం. ఒకసారి పేరు వచ్చిన ఇల్లు తర్వాత మూడేళ్లు చీటీలో ఉండదు.

శుభ్రత: పేరూ గంటా రాయండి

"అందరూ శుభ్రంగా ఉంచాలి" అంటే ఎవరూ ఉంచరు. నియమం ఇలా ఉండాలి: ప్రతి రాత్రి 9:30కల్లా ఉత్సవ కమిటీ తరఫున ఆ రోజు వంతు ఉన్న ఇద్దరు నేల తుడిపించి, డబ్బాలు మూసి, ఫోటో తీసి కార్యదర్శికి పంపాలి. రోజూ ఊడ్చే అమ్మకు ఇది అదనపు పని. జీతంలో భాగమని అనుకోకూడదు. మేము ఇద్దరికి రోజుకు 300 రూపాయల చొప్పున ఐదు రోజులకు 3,000 రూపాయలు ఇచ్చాం, అదీ చందాల నుంచి, నిర్వహణ రుసుము నుంచి కాదు. పందిరి కరెంటుకు మీటరు రీడింగును మొదటి రోజూ చివరి రోజూ ఫోటో తీసి అదే లెక్కలో కట్టాం.

చెత్తకు మూడు డబ్బాలు కావాలి. ఒకటి ప్రసాదం, ఆకులు, తిండి మిగులుకు. ఒకటి కాగితం, పొడిచెత్తకు. మూడోది నిర్మాల్యానికి, మూత ఉన్నది. దీన్ని విడిగా ఉంచమనడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. చవితి పత్రి ఇరవై ఒక్కటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. అవి విషం. తిండి చెత్తలో కలిపి గేటు బయట పెడితే ఆవులు, మేకలు తింటాయి. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషిద్ధం కనుక అడ్డాకు విస్తళ్లు, కాగితపు గ్లాసులు అని నియమంలోనే రాయండి. వందమందికి మించి వచ్చే భోజనాలు పెడితే మూడు పనిదినాల ముందు నగరపాలక సంస్థకు చెప్పాలని ఘన వ్యర్థాల నియమాల్లో ఉంది. చెబితే చెత్త బండి విషయం కూడా ముందే తేలుతుంది.

విగ్రహం కాల్చని మట్టిదై, రంగులు లేనిదైతే సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. మేము రెండడుగుల మట్టి విగ్రహాన్ని సెల్లారు పక్కన పెద్ద తొట్టిలో నిమజ్జనం చేశాం. మర్నాటికి కరిగింది. ఆ మట్టి మొక్కలకు వేశాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే అలా కరగదు, తొట్టిలో ఎన్నాళ్లయినా అలాగే కూర్చుంటుంది. కొనేటప్పుడే అడగండి.

ఉత్సవ కమిటీ నుంచి 5,000 రూపాయలు ధరావతుగా తీసుకుని, పందిరి విప్పిన మర్నాడు మధ్యాహ్నానికి స్థలం ముందటిలాగే ఉంటే తిరిగి ఇచ్చేయండి. జరిమానా కన్నా ఇది మర్యాదైన పద్ధతి. జరిమానా పెట్టాలంటే మీ సంఘం నిబంధనావళిలో ఆ అధికారం ఉండాలి, లేకపోతే వేయకండి. ఏ పరిస్థితిలోనూ నీళ్లు, కరెంటు ఆపుతామని బెదిరించకూడదు.

చెప్పే తీరు

నియమాలు ఒక పేజీ దాటకూడదు. సర్వసభ్య సమావేశంలో చదివి, ఆమోదించి, మినిట్స్ పుస్తకంలో రాశాకే నోటీసు వేయండి. కార్యదర్శి సొంత నిర్ణయంలా కనిపిస్తే సగం బలం పోతుంది. పండుగకు మూడు వారాల ముందు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. వారం ముందు పందిరికి దగ్గరగా ఉన్న ఇళ్లకూ, చీటీలో పేరు వచ్చిన ఇళ్లకూ స్వయంగా వెళ్లి చెప్పాలి. తెలుగు చదవలేనివారికి హిందీలోనో ఇంగ్లీషులోనో మరో కాగితం ఇవ్వాలి.

నోటీసు పండుగ కబురుతో మొదలవ్వాలి, నిషేధంతో కాదు. కారణం చెప్పేటప్పుడు మాత్రం ఏ ఇంటినీ వేలెత్తి చూపకండి. "203లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారు కనుక" అని రాస్తే, పాటలు తగ్గడానికి ఆయనే కారణమన్న నింద ఆయన మీద పడుతుంది. మా నోటీసు ఇది, మీరు మార్చి వాడుకోవచ్చు:

"నమస్కారం. మన అపార్ట్‌మెంటులో ఈసారి వినాయక చవితి ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. అందరూ కుటుంబ సమేతంగా రావలసిందిగా కోరుతున్నాం. మన భవనంలో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవారు, పసిబిడ్డలు, కోలుకుంటున్న పెద్దలు ఉన్నారు. వారికీ ఇది పండుగే కావాలని సర్వసభ్య సమావేశంలో కొన్ని మాటలు అనుకున్నాం. ఉదయం పూజ మైకు లేకుండా జరుగుతుంది. సాయంత్రం 6:30 నుంచి 9 వరకు, చివరి రోజు 9:30 వరకు మైకు ఉంటుంది. పందిరి సుద్దగీత లోపలే ఉంటుంది. అంబులెన్సు దారిని ఖాళీగా ఉంచుదాం. విస్తళ్లు, పత్రి వాటి వాటి డబ్బాల్లో వేద్దాం. స్థలం వదులుకున్న నాలుగు కుటుంబాలకు మా కృతజ్ఞతలు. ఇబ్బంది కలిగితే రోజువారీ బాధ్యుల్లో ఎవరికైనా ఫోను చేయండి. పేర్లు, నంబర్లు కింద ఉన్నాయి. ఈ నియమాలు మన ఉమ్మడి స్థలంలో జరిగే ప్రతి ఉత్సవానికీ వర్తిస్తాయి."

"చేయరాదు" అన్న మాట అందులో ఒక్కసారి కూడా లేదు. సమయాలు, గీత, డబ్బాలు మాత్రం అంగుళం కూడా సడలలేదు.

మాట తప్పినప్పుడు

తొమ్మిది దాటినా పాట ఆగలేదనుకోండి. గ్రూపులో రాయకండి. అక్కడ రాస్తే నలభై ఇళ్ల ముందు నిలబెట్టినట్టవుతుంది, ఆ కుటుంబం తప్పును ఒప్పుకోవడానికి దారి ఉండదు. ఆ రోజు బాధ్యులు ఒక్కరే వెళ్లాలి, గుంపుగా కాదు. "బాబాయ్ గారూ, తొమ్మిదయింది. ఈ పాట పూర్తయ్యాక ఆపించేద్దామా?" అని అడగండి. ఒక పాట నిడివి ఇస్తే దాదాపు అందరూ ఆపుతారు. మళ్లీ అదే జరిగితే మర్నాడు పగటిపూట ఇద్దరు సభ్యులు కూర్చుని మాట్లాడాలి, మాట్లాడినది రాసుకోవాలి. రాత్రి పది దాటాక కూడా వినకపోతే అది సంఘం పరిధి దాటిన విషయం. ఎవరైనా 112కు ఫోను చేయవచ్చు, చేసినవారెవరని సంఘం ఆరా తీయకూడదు.

పండుగ అయిన వారంలోపు అరగంట కూర్చుని, వచ్చిన ఫిర్యాదులను నియమాల కాగితం పక్కన పెట్టుకుని చూడండి. రెండో ఏడాది మాకు వచ్చినవి రెండు. ఒకటి చివరి రోజు 9:40 దాకా మోగిన డప్పుల గురించి. మైకు అని మాత్రమే రాసి వాద్యాలను మరిచిపోయాం, ఆ మాట చేర్చాం. రెండోది ఉదయం ఏడున్నర పూజలో గంట గురించి, రాత్రి షిఫ్టు చేసే ఒకాయన రాసింది. ఆయనతో మాట్లాడితే గంట మోగినా ఫరవాలేదని, కానీ ఎప్పుడు మోగుతుందో ముందే తెలిస్తే దాని తర్వాతే పడుకుంటానని చెప్పారు. పూజ సమయాన్ని రోజూ ఒకే గంటకు స్థిరపరిచి, ఆ కాగితాన్ని ఆయన తలుపు సందులోంచి వేసి వచ్చాను.